క్యారౌసెల్ కవర్ మీద అంకె ఎప్పుడు ఉండాలి, ఎప్పుడు తీసేయాలి

“మాది చిన్న చేనేత చీరల షాపు. పోచంపల్లి, గద్వాల ఎక్కువగా అమ్ముతాం. ఇన్‌స్టా పేజీ నేనే చూసుకుంటాను. ఏడాదిగా ‘5 తప్పులు’, ‘7 విషయాలు’, ‘10 చిట్కాలు’ అంటూ క్యారౌసెల్స్ వేస్తున్నాను. మొదట్లో సేవ్స్ బాగా వచ్చేవి. ఇప్పుడు జనం చూసి దాటిపోతున్నారు. నంబర్ లిస్టులు పాతబడిపోయాయా? పూర్తిగా మానేయాలా?”

మానేయక్కర్లేదండి. అంకె నిజంగా అవసరమైన చోట ఉంచి, మిగతా చోట్ల తీసేస్తే చాలు. ఏది ఎక్కడ అని తేల్చుకోవడమే కష్టం. ఇన్‌స్టాలో ఒకే పోస్టులో పది ఫొటోలు పెట్టే వీలు 2017లో వచ్చింది. అప్పటి నుంచి నేను చీరల షాపులకు, ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లకు ఇవే రాస్తున్నాను. ఒక దశలో వారానికి మూడు ‘విషయాలు’ వేసేదాన్ని. మీరు చెప్తున్న పరిస్థితి నాకూ వచ్చింది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు అంకె చేసే పని ఏమిటో చూద్దాం. వెబ్‌సైట్‌లో వ్యాసానికి ‘7 విషయాలు’ అని పేరు పెడితే, అది ఎంత పొడుగుందో చదివేవాళ్లకు ముందే తెలుస్తుంది. ఏడు అన్నారంటే ఏడే, కాసేపట్లో అయిపోతుంది అన్న ధీమా వస్తుంది. కానీ క్యారౌసెల్‌లో ఆ పని యాప్ చేసిపెడుతోంది. పైన కుడి మూల 1/8 అని కనిపిస్తుంది, కింద చుక్కలు ఉంటాయి. ఇంకెన్ని స్లైడ్లు ఉన్నాయో చూసేవాళ్లకు తెలుసు. కాబట్టి కవర్ మీద అంకెకు మిగిలిన పని ఒక్కటే: “ఈ సంగతిలో ఉన్నవి ఇవే, ఇంతకు మించి లేవు” అని చెప్పడం. ఇది చాలా పెద్ద మాట. ఆ మాట నిజమైతే అంకెకు బలం ఉంటుంది. నిజం కాకపోతే చదివేవాళ్లు తప్పు ఎక్కడుందో చెప్పలేకపోవచ్చు కానీ, రెండు మూడు పోస్టులకే వాళ్ల మనసుకు తెలిసిపోతుంది.

మన భాషలో అంకెలతో పేర్లు ఎన్ని ఉన్నాయో చూడండి. షడ్రుచులు అంటే ఆరు. ఉగాది పచ్చడిలో ఏడో రుచి కోసం ఎవరూ వెతకరు. నవధాన్యాల్లో ఒకటి తగ్గితే కొట్టువాడిని అడిగి మళ్లీ తెచ్చుకుంటాం. అక్కడ అంకె అలంకారం కాదు, లెక్క. శతకం తీరు వేరు. వంద అని పేరు, కానీ నూటెనిమిది ఉన్నవీ ఉంటాయి. ఏ పద్యం ఆ పద్యమే, మధ్యలో ఒకటి చదవకపోయినా నష్టం లేదు. మరి దాన్ని కట్టి ఉంచేది ఏమిటి? ప్రతి పద్యం చివర వచ్చే మకుటం. అంకె కాదు. క్యారౌసెల్స్‌లోనూ ఈ రెండు రకాలే. లెక్క ఉన్నవి కొన్ని, మకుటం కావాల్సినవి చాలా. మనం చేసే పొరపాటు, మకుటం కావాల్సిన వాటికి అంకె తగిలించడం.

మీరు ఏ లిస్టులు వేశారో నేను చూడలేదు కాబట్టి నేను రాసినదాన్నే విప్పి చూపిస్తాను. ఒక షాపు కోసం ‘పట్టుచీర కొనేముందు చూడాల్సిన 7 విషయాలు’ అని వేశాను. లోపల ఇవి ఉన్నాయి: సిల్క్ మార్క్ లేబుల్ చూడండి. చీర వెనక వైపు తిప్పి చూడండి. జరీ గీకి చూడండి. పోగు కాల్చి చూడండి. నమ్మకమైన షాపులోనే కొనండి. బడ్జెట్ ముందే అనుకోండి. రంగు మీకు నప్పుతుందో లేదో చూసుకోండి.

ఈ ఏడింటిలో చివరి మూడింటిని పట్టుచీర పేరు తీసి ఫ్రిజ్ అని పెట్టి చదవండి. నమ్మకమైన షాపులో కొనండి, బడ్జెట్ అనుకోండి, రంగు చూసుకోండి. ఫ్రిజ్‌కీ సరిపోతాయి. నేను ఇప్పుడు ప్రతి లిస్టుకూ పెట్టే మొదటి పరీక్ష ఇదే. వేరే వస్తువుకు కూడా అతికే పాయింట్ ఏదైనా సరే, అంకె నింపడానికి వచ్చిందే. నా దగ్గర నిజంగా ఉన్నవి నాలుగు. బేసి సంఖ్య అయితే బాగా ఆడుతుందని ఎక్కడో చదివి ఏడు చేశాను. 2024 ఆగస్టులో ఇన్‌స్టా ఒక పోస్టుకు ఇరవై స్లైడ్ల వరకు వీలు ఇచ్చింది. జాగా పెరిగేసరికి ఈ నింపుడు ఇంకా పెరిగింది.

ఆ నింపుడు వల్ల విసుగు వస్తుంది, అంతే కదా అనుకోవచ్చు. అంతకంటే పెద్ద నష్టం మిగతా నాలుగు పాయింట్లకు జరిగింది. లిస్టులో ప్రతి పాయింటుకూ ఒకే సైజు స్లైడు, ఒకే రెండు లైన్లు. ‘బడ్జెట్ అనుకోండి’ అన్న మాటకు ఎంత చోటు ఇచ్చానో ‘పోగు కాల్చి చూడండి’ అన్న మాటకూ అంతే చోటు ఇచ్చాను. నాలుగో స్లైడు మీద ఉన్నది ఇది మాత్రమే: “ఒక పోగు కాల్చండి. వెంట్రుక కాలిన వాసన వస్తే అసలు పట్టు.” పోస్ట్ బాగానే వెళ్లింది, సేవ్స్ కూడా వచ్చాయి. పది రోజుల తర్వాత ఆ షాపు ఆవిడ ఫోన్ చేశారు. ఒక కస్టమర్ వచ్చి, మీ పేజీలోనే రాశారు కదా అంటూ, రాక్‌లో ఉన్న చీర కొంగు నుంచి పోగు లాగబోయారట. వద్దంటే, “అయితే పట్టు కాదా?” అని అందరి ముందూ అడిగారట. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. “అమ్మా, ఆ పాయింట్ కొంచెం వివరంగా రాయాల్సింది” అన్నారంతే. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. తప్పు పూర్తిగా నాదే.

ఎందుకంటే ఆ పరీక్ష రెండు లైన్లలో చెప్పేది కాదు. కాల్చాల్సింది చీర అంచులో వదులుగా వేలాడే కుచ్చు పోగు, రెండు అంగుళాలు చాలు. దాన్ని పట్టకారుతో పట్టుకుని స్టీలు పళ్లెం మీద కాల్చాలి. అది కూడా ఇంట్లో, కొన్న తర్వాత లేదా షాపువాళ్లు ఒప్పుకుంటేనే. పట్టు నెమ్మదిగా కాలుతుంది. మంట తీసేస్తే సాధారణంగా ఆరిపోతుంది. వాసన వెంట్రుక కాలినట్టు ఉంటుంది. మిగిలే బూడిద నల్లగా, వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా అవుతుంది, నలగదు. నూలు, రేయాన్ అయితే కాగితం కాలిన వాసన వస్తుంది. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, మీరు కాల్చింది ఏ పోగు అన్నది. పడుగు అంటే నిలువు పోగులు, పేక అంటే అడ్డం పోగులు. పడుగు పట్టు అయి పేక వేరే అయితే, ఒక్క పోగు కాల్చి మొత్తం చీర గురించి తీర్పు చెప్పలేం. కొంగు కుచ్చులో సాధారణంగా మీకు దొరికేది పడుగు పోగే. పైగా ఉన్నికి కూడా అదే వెంట్రుక వాసన వస్తుంది. జరీ అసలుదా కాదా, చీర మగ్గం మీద నేసిందా మిల్లులో నేసిందా అన్నది ఈ పరీక్ష చెప్పదు.

ఇదంతా ఏడింటిలో ఒక పాయింటుగా ఎలా ఇముడుతుంది? ఇమడదు. అందుకే తర్వాత దాన్ని విడిగా చేశాను. కవర్ మీద అంకె లేదు:

“పట్టు పోగు కాల్చి చూశారా?
మరి కాల్చింది పడుగా, పేకా?”

రెండో స్లైడులో కొంగు కుచ్చు దగ్గరగా తీసిన ఫొటో, పోగు ఎక్కడ నుంచి తీయాలో ఒక బాణం గుర్తు. మూడో దానిలో పళ్లెం, పట్టకారు. నాలుగు, ఐదు స్లైడుల్లో పక్కపక్కనే రెండు బూడిదలు: ఒకటి వేలితో నలిపితే పొడి అయింది, ఇంకొకటి పూసలా మిగిలింది. ఆరో స్లైడులో పడుగు, పేక తేడా. ఏడో దానిలో ఈ పరీక్ష ఏం చెప్పదో. ఎనిమిదోది, “షాపులో ఉన్నప్పుడు కాల్చకండి, లేబుల్ అడగండి” అని. వచ్చిన కామెంట్లు అంతకుముందు పోస్టుకు వచ్చిన వాటిలా లేవు. “మా అమ్మ చీర పేక కాలిస్తే పూస వచ్చింది, పడుగు మామూలుగానే ఉంది, అంటే ఏమిటి?” అని ఒకావిడ అడిగారు. ఏడు విషయాల పోస్టుకు వచ్చినవి చప్పట్ల బొమ్మలు, “యూజ్‌ఫుల్” అన్న మాటలు. ఆ ఒక్క ప్రశ్న చాలు, ఏ పోస్ట్ పనిచేసిందో చెప్పడానికి.

ఇక అంకె ఎక్కడ ఉండాలంటే, రెండు చోట్ల.

ఒకటి, వరుస నిజంగా ఉన్న చోట. పోచంపల్లి చీర దీనికి మంచి ఉదాహరణ, మీ దగ్గర సరుకూ ఉంది. నేసిన బట్ట మీద డిజైన్ వేయరు. నేయకముందే పోగుల మీద వేస్తారు. పేకకైతే ముందు ఆసు పోస్తారు, అంటే పోగును మేకుల చుట్టూ తిప్పుతారు, తర్వాత డిజైన్ ప్రకారం గుర్తులు పెడతారు, రంగు అంటకూడని చోట రబ్బరుతో బిగించి కడతారు, రంగులో ముంచుతారు, కట్లు విప్పుతారు, ఇంకో రంగు కావాలంటే మళ్లీ కట్టి మళ్లీ ముంచుతారు, చివరికి మగ్గం ఎక్కిస్తారు. ఇందులో మూడోది రెండోదానికి ముందు రాదు. స్లైడులను కలిపేస్తే కథే తప్పిపోతుంది. ఇక్కడ ప్రతి స్లైడు మూలన 1, 2, 3 అని వేయండి, ఎవరికీ విసుగు రాదు. వంటల పోస్టుల్లో అంకెలు ఎన్నేళ్లయినా పాతబడకపోవడానికి కారణం ఇదే. పోపు పెట్టకముందు దించేయలేం కదా.

రెండో చోటు, లెక్క నిజంగా అంతే అయినప్పుడు. సిల్క్ మార్క్ సంగతి తీసుకోండి. చాలామంది ఆ లేబుల్ ఉంటే మగ్గం చీర అనుకుంటారు. కాదు. 2004లో వచ్చిన సిల్క్ మార్క్ చెప్పేది, ఇది స్వచ్ఛమైన పట్టు అని మాత్రమే. మగ్గం మీద నేసిందని చెప్పేది హ్యాండ్లూమ్ మార్క్, అది 2006లో వచ్చింది. ఏ ఊరి నేత అన్నది జీఐ గుర్తింపు సంగతి. దీన్ని నేను ముందు ‘చీర మీద చూడాల్సిన 3 గుర్తులు’ అని రాశాను. వేసిన గంటలోనే ఒకాయన కామెంట్ పెట్టారు: “ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండ్ కూడా ఉందండి, 2015 నుంచి.” నిజమే, ఉంది. నాణ్యత ప్రమాణాల కోసం పెట్టినది. నా అంకె అక్కడే పడిపోయింది. తర్వాత శీర్షిక మార్చాను:

“చీర గురించి 3 ప్రశ్నలు:
ఏ పోగు? ఎలా నేశారు? ఎక్కడ నేశారు?
ఒక్కో లేబుల్ ఒక్కోదానికే జవాబు.”

గుర్తులు నాలుగు ఉండొచ్చు, రేపు ఐదోది రావొచ్చు. కానీ నేను అడిగిన ప్రశ్నలు మూడే. అంకెను దేనికి తగిలిస్తున్నారో అది చాలా ముఖ్యం. మీ రంగం బాగా తెలిసిన మనిషి ఒకరు కామెంట్స్‌లోకి వచ్చి “ఇంకోటి మర్చిపోయారు” అనగలరా? అనగలిగితే ఆ అంకె నిలబడదు. శీర్షికలోని నామవాచకం మార్చండి, లేదా అంకె తీసేయండి.

ఈ రెండూ కానివి, అంటే వరుస గానీ లెక్క గానీ లేకుండా ఒకచోట పోగేసినవి, మీ పేజీలో ఎక్కువగా ఉన్నాయని నా అనుమానం. కనిపెట్టడం తేలిక. స్లైడులను ఫోన్‌లో కలిపేసి చదవండి. తేడా తెలియకపోతే వరుస లేదు. మధ్యలోది ఒకటి తీసేయండి. లోటు తెలియకపోతే లెక్క లేదు. అలాంటి వాటిని పారేయమని కాదు. వాటికి మకుటం వెతకండి. ‘పెళ్లికి కట్టుకోదగిన 9 గద్వాల చీరలు’ అని వేసే బదులు, ప్రతి స్లైడులోనూ చీర శరీరం, అంచు కలిసే చోటునే దగ్గరగా తీసి చూపించండి. గద్వాలలో నూలు శరీరానికి పట్టు అంచును మగ్గం మీదే కలిపి నేస్తారు, అదే ఆ చీర విశేషం. తొమ్మిది చీరలు, తొమ్మిది సార్లు అదే కలయిక, వేర్వేరు రంగుల్లో. కవర్ మీద “నూలు ఎక్కడ ఆగింది, పట్టు ఎక్కడ మొదలైంది?” అన్న ఒక్క ప్రశ్న. అంకె అక్కర్లేకుండానే చివరిదాకా జరుపుతారు, ఎందుకంటే ప్రతి స్లైడులోనూ వెతకడానికి ఒకటి ఉంది.

ఇంకొక సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. మీ కవర్ చూసి జరపకుండా వెళ్లిపోయిన వాళ్లకు ఇన్‌స్టా కొన్నిసార్లు అదే పోస్టును మళ్లీ చూపిస్తుంది, ఈసారి రెండో స్లైడుతో. లిస్టు పోస్టుల్లో రెండో స్లైడు ఎలా ఉంటుంది? పెద్ద అక్షరాల్లో ‘1’, కింద “లేబుల్ చూడండి” అని. ఏ లేబుల్, దేని గురించి, ఎందుకు అన్నది కవర్ చూడని మనిషికి అర్థం కాదు. ఇంకా ఘోరం, కొందరు రెండో స్లైడులో “అసలు విషయంలోకి వెళ్లేముందు...” అని ఉపోద్ఘాతం పెడతారు. దొరికిన రెండో అవకాశం అక్కడ పోతుంది. అందుకే రెండో స్లైడును కవర్ లేకుండా ఒంటరిగా మీ ఇంట్లో ఎవరికైనా చూపించండి. ఇది దేని గురించో చెప్పగలిగితే సరే. లేకపోతే ‘1’ చిన్నది చేసి, “సిల్క్ మార్క్ ఉన్నంత మాత్రాన మగ్గం చీర కాదు” అన్నట్టు దానంతట అది నిలబడే వాక్యం పెట్టండి. మీ దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే గట్టి పాయింట్ అక్కడికి రావాలి. “చివరిది మాత్రం మిస్ అవ్వకండి” అని బలమైనదాన్ని చివర దాచి, తీరా చూస్తే అక్కడ మామూలు మాటే ఉంటే, తర్వాతి పోస్ట్ ఎంత బాగున్నా చూడరు.

శీర్షిక రాసే తీరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తెలుగులో విసుగు సగం అక్కడి నుంచే వస్తోంది. ఇంగ్లిష్‌లో అంకె ముందు వస్తుంది. ఆ పోస్టులు చూసి మనవాళ్లు “7 విషయాలు పట్టుచీర కొనేముందు తెలుసుకోవాల్సినవి” అని రాస్తున్నారు. చదవగానే ఎవరో తర్జుమా చేసినట్టు ఉంటుంది. మన వాక్యంలో విశేషణాలన్నీ ముందు వచ్చి, అంకె, నామవాచకం చివర వస్తాయి: “పట్టుచీర కొనేముందు చూడాల్సిన 3 చోట్లు.” దీనివల్ల ఒక లాభం ఉంది. లైనులో మొదట కనిపించేది అంకె కాదు, సంగతి. కవర్ మీద పట్టుచీర అన్న మాట పెద్దగా, అంకె చిన్నగా ఉంచవచ్చు. రెండోది, ఆ చివరి నామవాచకం. విషయాలు, టిప్స్, చిట్కాలు అన్నవి డొల్ల మాటలు, వాటిలో ఏదైనా వేయొచ్చు. చోట్లు, ప్రశ్నలు, పరీక్షలు, మరకలు, ముడులు అని రాసి చూడండి. మూడు చోట్లు అన్నాక “బడ్జెట్ అనుకోండి” అన్నది లోపలికి రాలేదు, ఎందుకంటే అది చోటు కాదు. పేరు సరిగ్గా పెడితే నింపుడు సరుకు దానంతట అదే బయటికి పోతుంది.

తెలుగు అక్షరాలకు వత్తులు, గుణింతాలు పైనా కిందా చోటు తీసుకుంటాయి. ఇంగ్లిష్ టెంప్లేట్‌లో ఒక స్లైడుకు పట్టే మాటలన్నీ తెలుగులో పట్టవు. లైన్ల మధ్య ఖాళీ తగ్గిస్తే వత్తు కింది లైను తలకట్టును తాకుతుంది. నేను 1080 వెడల్పు, 1350 ఎత్తు స్లైడులో పదిహేను, ఇరవై మాటలు దాటనివ్వను. చాలకపోతే ఆ పాయింటుకు ఇంకో స్లైడు ఇస్తాను, లేదా క్యాప్షన్‌లోకి దించుతాను.

మరి ఎక్కువైపోయిందని ఎలా తెలుస్తుంది? ముందు మీ ప్రొఫైల్ తెరిచి, పైన కనిపించే తొమ్మిది పోస్టులు చూడండి. 2025 జనవరి నుంచి గ్రిడ్‌లో ఫొటోలు చతురస్రంగా కాక నిలువుగా కనిపిస్తున్నాయి కాబట్టి కవర్ మీద అంకె ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తొమ్మిదిలో ఎన్నింటి మీద పెద్ద అంకె ఉందో లెక్కపెట్టండి. నాకు రెండు దాటితే ఎక్కువ. నాలుగైదు ఉంటే, కొత్తగా వచ్చిన మనిషికి మీ పేజీ చీరల షాపులా కాదు, క్యాలెండర్‌లా కనిపిస్తుంది. ఏ పోస్ట్ చదివారో ఏది చదవలేదో కూడా వాళ్లకు గుర్తుండదు.

తర్వాత ఇన్‌సైట్స్‌లోకి వెళ్లి సేవ్స్‌ను రీచ్‌తో పోల్చండి. సేవ్స్ సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతాం. ఉదాహరణకు ఒక పోస్ట్ 4,000 మందికి చేరి 120 సేవ్స్ తెచ్చుకుంటే వెయ్యికి 30. ఇంకోటి 9,000 మందికి చేరి 180 తెస్తే, చూడ్డానికి పెద్ద అంకె, కానీ వెయ్యికి 20 మాత్రమే. మీ గత ఇరవై క్యారౌసెల్స్‌ను ఒక కాగితం మీద ఇలా రాసి, పక్కన అది లిస్టా కాదా అని గుర్తు పెట్టండి. షేర్స్‌కూ అదే లెక్క వేయండి. సేవ్స్ ఎక్కువగా ఉండి షేర్స్, డీఎంలు రాకపోతే, జనం “తర్వాత చూద్దాం” అని దాచుకుంటున్నారు, మళ్లీ తెరవడం లేదు. లిస్టులకు ఈ జబ్బు ఎక్కువ. మీ రీచ్ తగ్గిన నెలలో అన్ని పోస్టులూ తగ్గి ఉంటాయి, అప్పుడు తప్పును లిస్టు మీద వేయకండి. ఒకే నెలలో లిస్టు ఉన్నవీ లేనివీ పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఒకటి రెండు పోస్టులతో తేల్చకండి, కనీసం ఐదారు ఉండాలి.

లెక్కల కంటే నేను ఎక్కువగా నమ్మేది ఇంకొకటి ఉంది. క్యారౌసెల్ మధ్యలో, ఐదో ఆరో స్లైడులో, ఎవరైనా అడిగి తీరాల్సిన ఒక వివరం పెడతాను. ఒకసారి ఆసు గురించి పెట్టాను. ఆసు పోసేటప్పుడు చెయ్యి ఒక్క చీరకు కొన్ని వేలసార్లు మేకుల చుట్టూ తిరగాలి. ఆ బాధ అమ్మ పడుతుంటే చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేశారు, తర్వాత పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ స్లైడు గురించి కామెంట్ వస్తే, జనం అక్కడిదాకా వచ్చారని తెలుస్తుంది. వచ్చాయి, “మా అత్తగారికి భుజం నొప్పి అందుకే” అన్నది కూడా వచ్చింది. అదే సంగతిని ‘పోచంపల్లి గురించి మీకు తెలియని 10 నిజాలు’లో ఆరోదిగా వేసినప్పుడు ఒక్కరూ పలకలేదు. సంగతి అదే, ఫొటో కూడా అదే.

ఇప్పుడు మీరు చేయాల్సింది. పాత లిస్టుల్లో బాగా ఆడినది ఒకటి తీయండి. ఫ్రిజ్ పరీక్ష పెట్టి, అతికేవన్నీ కొట్టేయండి. మిగిలిన వాటిలో మీ షాపులో కస్టమర్లు నోటితో అడిగే ప్రశ్న ఏదో చూడండి, దాన్ని ఒక్కదాన్నే తీసుకోండి. పోచంపల్లి అమ్ముతారు కాబట్టి, “ఇది నేతా, ప్రింటా?” అని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. దానితో మొదలుపెట్టండి. కవర్ మీద ఒకే డిజైన్ ఉన్న రెండు చీరలు పక్కపక్కన, “ఇందులో నేసింది ఏది?” అని. రెండో స్లైడులో రెండిటినీ తిప్పి వెనక వైపు. నేసినదానిలో రంగు రెండు వైపులా ఒకేలా ఉంటుంది, మామూలు ప్రింటులో వెనక పాలిపోయి ఉంటుంది. ఈ ఫొటో కవర్ లేకుండా వచ్చినా అర్థమవుతుంది. మూడో స్లైడులో డిజైన్ అంచు బాగా దగ్గరగా: కట్టి రంగు వేసిన పోగుల అంచు ఈకలా కొద్దిగా చెదిరి ఉంటుంది, ప్రింటు అంచు కత్తిరించినట్టు ఉంటుంది. నాలుగో దానిలో ఒక చిన్న హెచ్చరిక, రెండు వైపులా ప్రింట్ చేసినవి కూడా వస్తున్నాయి కాబట్టి వెనక వైపు ఒక్కటే చూసి తేల్చకండి, పోగు విడదీసి చూడండి అని. ఐదో స్లైడులో విడదీసిన పోగు: ఒకే పోగు మీద రంగు మారుతూ, లోపలిదాకా అంటి ఉంటుంది. అక్కడితో ఆపేయండి. ఐదు స్లైడులే అయ్యాయని ఆరోది వెతకకండి. ఫొటోలు కిటికీ పక్కన పగటి వెలుతురులో తీయండి, ట్యూబ్‌లైట్ కింద ఆ చెదిరిన అంచు కనిపించదు.